పాత హోమ్ థియేటర్, కొత్త టీవీ, ఒకే రిమోట్

ప్రశ్న: పాత హోమ్ థియేటర్, కొత్త స్మార్ట్ టీవీ, ఫైర్ స్టిక్ ఉన్నాయి. వేరే రిమోట్ల సిగ్నళ్లను నేర్చుకునే లెర్నింగ్ రిమోట్ కొన్నాను. మిగతా రెండూ నేర్చుకుంది కానీ స్టిక్ మాత్రం పలకడం లేదు. ఏం చేయాలి?

జవాబు: తప్పు మీ రిమోట్‌ది కాదు. లెర్నింగ్ రిమోట్ ఇన్‌ఫ్రారెడ్ వెలుగును మాత్రమే చూసి నేర్చుకుంటుంది. స్టిక్ తన రిమోట్‌తో బ్లూటూత్‌లో మాట్లాడుతుంది, కాబట్టి అక్కడ నేర్చుకోవడానికి వెలుగే లేదు. తికమక ఎక్కడంటే, ఆ స్టిక్ రిమోట్‌లోనే ఉన్న టీవీ వాల్యూమ్ బటన్ సాధారణంగా ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేస్తుంది. దాన్ని మీ రిమోట్ పట్టేస్తుంది, బాణాల బటన్లను పట్టదు.

ఏ బటన్ ఏ రకమో తెలియాలంటే ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు నొక్కి చూడండి. చాలా ఫోన్లలో ఇన్‌ఫ్రారెడ్ ఊదారంగు మెరుపులా కనిపిస్తుంది.

స్టిక్‌కి దారి టీవీ గుండా ఉంది. టీవీ రిమోట్ ఆదేశాలను టీవీకి తగిలించిన స్టిక్‌కి చేరవేసే హెచ్‌డీఎంఐ-సీఈసీని టీవీ సెట్టింగ్స్‌లో ఆన్ చేయండి. సామ్‌సంగ్‌లో అది Anynet+, ఎల్‌జీలో SIMPLINK పేరుతో ఉంటుంది. స్టిక్‌లో కూడా ఆ ఆప్షన్ ఆన్‌లో ఉండాలి. ఇక టీవీ రిమోట్ బాణాలు స్టిక్‌నీ నడుపుతాయి. వాటినే మీ లెర్నింగ్ రిమోట్‌కి నేర్పితే సరి.

ఇంకో మాట. టీవీ, హోమ్ థియేటర్ రెండింటికీ ఒకే పవర్ బటన్ పెట్టుకోవద్దు. ఆన్‌కీ ఆఫ్‌కీ సిగ్నల్ ఒకటే అయితే, ఒక్కసారి ఒకటి అందుకోకపోయినా ఆ తర్వాత ఒకటి వెలిగినప్పుడల్లా రెండోది ఆరిపోతుంది. మా ఇంట్లో నెల రోజులు ఇదే గోల.