నాణేనికి ముందు జరిగింది గుర్తుండదప్పా

ప్రశ్న: నాణెం ఎగరేస్తే వరుసగా ఐదుసార్లు బొమ్మే పడింది. ఆరోసారి బొరుసు పడే ఛాన్స్ ఎక్కువ కదా? మా ఫ్రెండు కాదంటాడు. ఎందుకు?

మీ ఫ్రెండు చెప్పిందే రైటు. ఛాన్స్ సగానికి సగమే, వెంట్రుకవాసి కూడా పెరగదు.

అనంతపురం హాస్టల్లో ఉన్నప్పుడు, కరెంటు పోయిన ఒక రాత్రి మిద్దె మీద ఈ పంచాయితీ జరిగింది. మా రూమ్మేటు ఐదు రూపాయల బిళ్లతో ఒక సీనియర్ మీద పందెం కట్టినాడు. ప్రతిసారీ బొరుసు మీదే. పది రూపాయలతో మొదలుపెట్టి, పోయినప్పుడల్లా డబల్ చేస్తా పోయినాడు. పది, ఇరవై, నలభై, ఎనభై, నూటఅరవై. ఐదుసార్లూ బొమ్మే. 310 రూపాయలు పోయినాయి. ఇంక మెస్ బిల్లుకు పెట్టుకున్న దుడ్లు తీసి 320 కట్టినాడు. "రేయ్, ఆరుసార్లు వరుసగా బొమ్మ పడే ఛాన్స్ అరవై నాలుగులో ఒకటేరా. ఇప్పుడు బొరుసు పడి తీరాల్సిందే" అని సవాలు. చదివేది బీఎస్సీ మ్యాథ్స్, అదీ నా బాధ.

వాని లెక్కలో అరవై నాలుగు కరెక్టే. ఆరుసార్లు ఎగరేస్తే బొమ్మా బొరుసులు 64 రకాల వరుసల్లో పడొచ్చు, అన్నీ సమానమే. కానీ ఐదు బొమ్మలు పడిపోయినాక అందులో 62 వరుసలు చచ్చిపోయినట్టే. మిగిలింది రెండే: ఐదు బొమ్మల వెనక ఇంకో బొమ్మ, లేకుంటే ఐదు బొమ్మల వెనక ఒక బొరుసు. మొదటిది అరవై నాలుగులో ఒకటి అయితే రెండోది కూడా అరవై నాలుగులో ఒకటే. మావోడు మొదటిదాన్ని లెక్కేసి, రెండోదాన్ని మర్చిపోయినాడు. అరుదైన సంగతి ఐదు బొమ్మలు పడడంలోనే అయిపోయింది. ఆరో బొమ్మకు దాని భారం పడదు.

ఆ రాత్రి బొరుసే పడింది! 310 పోగొట్టుకుని 320 గెలిచినాడు, అంటే మిగిలింది పది రూపాయలు. దానికోసం నెల మెస్సు పణంగా పెట్టినాడు. ఓడిపోయుంటే బాగుండేది, ఈ పిచ్చి ఆరోజే వదిలేది.

"మరి చివరికి సగం సగం అవుతాయి కదా, అట్లయితే బొరుసులు వచ్చి లెక్క సరిచేయాల కదా" అంటారు కొందరు. సరిచేయవు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జాన్ కెరిచ్ అనే లెక్కల మాస్టారు డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉండి, ఊరికే కూర్చోలేక నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి రాసిపెట్టినాడు. మొదటి వందలో బొమ్మలు 44, అంటే సగానికి ఆరు తక్కువ. పదివేలు పూర్తయ్యేసరికి 5,067, అంటే సగానికి 67 ఎక్కువ. తేడా ఆరు నుంచి అరవై ఏడుకు పెరిగింది, అయినా శాతం చూస్తే 44 నుంచి 50.67కు వచ్చింది. పాత తేడాను ఎవరూ తీర్చలేదు. కొత్తవి వేలకొద్దీ వచ్చి పడేసరికి అది కంటికి ఆనకుండా పోయింది, అంతే.

ఇదంతా నాణెం సరైనదైతేనే. ఇరవైసార్లు వరుసగా బొమ్మే పడిందంటే నేనైతే ముందు నాణెం తిప్పి రెండో వైపు చూస్తా. అప్పుడు కూడా బొరుసు మీద పందెం కట్టేవాడు అమాయకుడే.

ఇంక నేను అసలు చెప్పాలనుకున్నది బోర్ల సంగతి. మా చిన్నాయన ఒకే చేనులో ఐదు బోర్లు వేయించినాడు, ఐదింట్లోనూ దుమ్మే లేచింది. ఆరోదానికి అప్పు చేయబోతుంటే ఎందుకు చిన్నాయనా అంటే, "ఐదు పోయినాయి, ఇంక పడకుండా యాడికి పోతాది నాయనా" అన్నాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింటు చూపించే ఆయన కూడా అదే మాట ఎక్కించినాడు. ఆయన ఫీజు ఆయనకు ముందే ముట్టింది.

నాణెం విషయంలో ఐదు బొమ్మలు దేన్నీ చెప్పవు. బోరు విషయంలో ఐదు ఎండిన గుంతలు చాలా చెప్తాయి, అదీ చిన్నాయన అనుకున్నదానికి ఎదురు. మా దిక్కు అడుగున గట్టి రాయి, నీళ్లుండేది రాతి పగుళ్లలోనే. పక్కపక్కనే వేసిన ఐదింటికీ పగులు తగల్లేదంటే ఆ చేను కింద రాయి బిగుతుగా ఉందనే అనుమానం పెరగాల. అందుకే ఆరోదాని ఛాన్స్ మొదటిదానికంటే తక్కువని నా వాదన. ఎన్ని గుంతలు పోయినాయని కాకుండా, ఒక్కో గుంతలో ఎన్ని అడుగులకు ఏ రాయి వచ్చింది, తేమ ఎక్కడైనా తగిలిందా అని రిగ్గు బండి వాళ్లను అడిగి రాసుకోవాల. ఆ కాగితం పట్టుకుని భూగర్భజలాల వాళ్లతో సర్వే చేయించుకున్నాకే అప్పు మాట.