ఆ 98 గంటలను ఎంతకు అమ్ముతున్నారు?

"నాకు నెలకు 60,000 చేతికొస్తుంది. ఆఫీసు టైమింగ్స్ కాగితం మీద 8 గంటలే. కానీ పొద్దున 7:30కి ఇల్లు వదిలితే రాత్రి 9 అవుతుంది. అందులో రానూపోనూ 3 గంటలు ప్రయాణమే. నెలకు రెండు శనివారాలు ఇంట్లో కూర్చుని ఒక్కోరోజు ఓ 5 గంటలు పని చేస్తాను. రోజూ రాత్రి భోజనం అయ్యాక ఇంకో 20 నిమిషాలు ఫోన్లు. ప్రయాణానికి 5,500, బాబును డేకేర్‌లో ఆలస్యంగా ఉంచినందుకు 3,500 అవుతాయి. ఇంటికి 25 నిమిషాల దూరంలో 48,000కి వేరే ఉద్యోగం వచ్చింది, అక్కడ 9 నుంచి 6. మా ఆవిడ చేరమంటోంది. జీతం తగ్గించుకుని ఎవరైనా వెళ్తారా అని నేను. నెల రోజులుగా ఇదే గొడవ. ఎవరిది తప్పు?"

ముందు తప్పొప్పులు పక్కన పెట్టి ఒక కాగితం తీసుకోండి. మీ ఇద్దరూ వాదిస్తున్నది రెండు వేర్వేరు అంకెల గురించి. మీరు 12,000 చూస్తున్నారు, ఆవిడ రాత్రి తొమ్మిది గంటలు చూస్తోంది. రెండూ ఒకే లెక్కలోకి వస్తే తప్ప ఈ గొడవ తెగదు.

60,000ని నెలకు 22 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 176తో భాగిస్తే గంటకు 341 వస్తుంది. మీ మనసులో ఉన్న రేటు ఇదే. కానీ ఉద్యోగం కోసం మీరు ఇస్తున్నది 176 గంటలు కాదు. తలుపు దాటిన నిమిషం నుంచి మళ్లీ తలుపు తట్టే నిమిషం దాకా రోజుకు పదమూడున్నర గంటలు, 22 రోజులకు 297. శనివారాలవి 10, రాత్రి ఫోన్లవి 7 కలిపితే 314. అలాగే మీకు నిజంగా మిగిలేది కూడా 60,000 కాదు. ఆ ప్రయాణ ఖర్చు, డేకేర్ అదనపు ఖర్చు ఈ ఉద్యోగం వల్లే పుట్టాయి, అది లేకపోతే అవీ ఉండవు. ఆ 9,000 తీసేస్తే 51,000. దాన్ని 314తో భాగించండి. గంటకు 162. మీరు అనుకున్న దాంట్లో సగం కూడా లేదు.

ఇప్పుడు రెండోది. 9 గంటల పని, 50 నిమిషాల ప్రయాణం, 22 రోజులకు 216 గంటలు. ప్రయాణానికి ఓ 1,200 అనుకుందాం, డేకేర్ అదనపు గంటలు అక్కర్లేదు. మిగిలేది 46,800, గంటకు 216 పైమాటే. చాలామంది ఇక్కడితో ఆగిపోయి, రేటు ఎక్కువుంది కాబట్టి ఇదే మంచిది అనేస్తారు. నేనైతే అలా అనను, ఎందుకంటే ఇంటి అద్దె కట్టేది గంట రేటుతో కాదు, నెల మొత్తంతో. తక్కువ గంటలు చేసి మంచి రేటు తెచ్చుకున్నా, నెలాఖరుకు డబ్బు చాలకపోతే ఆ రేటు ఏం చేసుకుంటారు?

అందుకే తేడాలను మాత్రమే పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బులో తేడా 51,000కి, 46,800కి మధ్య ఉన్నది, అంటే 4,200. మీరు అనుకుంటున్న 12,000 కాదు. గంటల్లో తేడా 98. ఇప్పుడున్న ఉద్యోగంలోనే ఉంటే ప్రతి నెలా ఆ 98 గంటలను 4,200కి అమ్ముతున్నట్టు. గంటకు 43. ఎవరైనా వచ్చి "రోజూ రాత్రి తొమ్మిది దాకా నా దగ్గరే ఉండు, గంటకు 43 ఇస్తా" అని నేరుగా అడిగితే ఒప్పుకుంటారా? మీ ఆవిడ అడుగుతున్నది ఈ ప్రశ్నే, కాకపోతే అంకెలు లేకుండా అడుగుతోంది.

ఈ లెక్క తప్పే చోట్లు కూడా ఉన్నాయి, అవి చూడకుండా రాజీనామా ఇవ్వకండి. మొదటిది, మీరు చెప్పిన గంటలు గుర్తున్నవే గానీ రాసుకున్నవి కావు. మనిషికి ఆలస్యమైన రోజే గుర్తుంటుంది, ఆరున్నరకే బయటపడ్డ రోజు గుర్తుండదు. రెండు వారాల పాటు ఇల్లు వదిలిన టైమ్, చేరిన టైమ్ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. నెలాఖరు రద్దీ ఉన్న వారం ఒకటి, మామూలు వారం ఒకటి ఉండేలా చూసుకోండి. రెండోది, జీతంతో పాటు వచ్చేవి. ఏడాది బోనస్‌ను 12తో భాగించి కలపండి. రిటైర్మెంట్ నిధికి కంపెనీ తన వంతు కట్టేది, కుటుంబానికి ఇచ్చే ఇన్సూరెన్స్, సెలవుల సంఖ్య, ఇవి రెండు చోట్లా అడిగి రాయండి. ఉదాహరణకు ఆ నిధికి ఇప్పటి కంపెనీ నెలకు 1,500 ఎక్కువ కడుతోందనుకోండి, 4,200 కాస్తా 5,700 అవుతుంది, గంటకు 58. నిర్ణయం మారకపోవచ్చు, కానీ తెలిసి తీసుకున్నది అవుతుంది.

మూడోదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. కొత్త చోట 9 నుంచి 6 అన్నది వాళ్లు చెప్పిన మాట. ఇక్కడా కాగితం మీద 8 గంటలే కదా! ఇంటర్వ్యూలో అడిగితే అందరూ మంచి టైమింగ్సే చెబుతారు. ఓ మామూలు పనిరోజు సాయంత్రం ఆరుంబావుకు ఆ ఆఫీసు గేటు దగ్గర అరగంట నిలబడండి. జనం బయటికి వస్తున్నారా, లోపల లైట్ల కింద తలలు ఇంకా వంగే ఉన్నాయా, అది చూస్తే చాలావరకు తెలుస్తుంది. అక్కడ మీరు చేరబోయే టీమ్‌లో పనిచేసే వాళ్లెవరైనా పరిచయమైతే "నిన్న ఎన్నింటికి ఇంటికెళ్లారు?" అని అడగండి. "మామూలుగా ఎన్నింటికి" అని కాదు, నిన్న. ఒకవేళ అక్కడా పదిన్నర గంటలే అయినా, దగ్గర కాబట్టి మొత్తం 249 గంటలు అవుతుంది. అప్పుడు మీరు వదులుకునే 4,200కి 65 గంటలు తిరిగొస్తాయి.

ఉన్నచోటే వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అడిగే వీలుంటే ముందు అది అడగండి. నెలకు ఓ 9 రోజుల ప్రయాణం తప్పుతుంది, 27 గంటలు, 2,250 మిగులుతాయి, మీ రేటు 186కి పెరుగుతుంది. అలాగే ఈ ఉద్యోగంలో ఏడాది, రెండేళ్లలో ఖాయంగా చేతికొచ్చే పని అనుభవమో, ప్రమోషనో ఉంటే ఆగడంలో అర్థం ఉంది. ఖాయంగా అంటే తేదీ చెప్పగలిగినంత ఖాయంగా. "చూద్దాం" అన్న మాటను లెక్కలో వేసుకోకండి.

ఇక మీ ఆవిడ సంగతి. మీరు రోడ్డు మీద ఉన్న టైమ్‌లో బాబును డేకేర్ నుంచి తేవడం, అన్నం పెట్టడం, పడుకోబెట్టడం ఒక్క చేత్తో నడుస్తున్నాయి. ఆ గంటలు మీ జీతం కాగితంలో ఎక్కడా లేవు. ఆవిడ సాయంత్రాలను ఆవిడ చేతే, పక్క గడిలో, టైమ్‌తో సహా రాయించండి. మీరు మధ్యలో సరిదిద్దకండి. తర్వాత ఒక్కటి తేల్చుకోండి, తిరిగొచ్చే గంటల్లో మీరు ఏ పని తీసుకుంటారు అని. ఆరున్నరకి ఇల్లు చేరి మళ్లీ ఫోన్ పట్టుకుంటే ఆవిడకు ఒక్క నిమిషం కూడా తిరిగి రాదు. ఆ 4,200 లేకుండా ఇల్లు గడుస్తుందా అన్నది కూడా ఆ రోజే చూడండి, గత మూడు నెలల ఖర్చులు ముందు పెట్టుకుని.