లేటు ఫీజు ఆఖర్న కోయరు: పోస్టాఫీసు ఆర్డీ లెక్క సరిచూసుకోవడం

ప్రశ్న: నెలకు 2000 చొప్పున పోస్టాఫీసు ఆర్డీ, 2021 ఏప్రిల్ 10న తెరిచాను. ఏజెంటు ద్వారా కట్టాను, ఒక్క నెలా మానలేదు. ఇప్పుడు 1,39,133 వచ్చిందని, లేటు ఫీజు కింద 260 కోశారని ఏజెంటు అంటున్నారు. నిజమేనా?

పోస్టాఫీసు ఆర్డీలో లేటు ఫీజును మెచ్యూరిటీ డబ్బులోంచి తీయరండీ. ఏ కిస్తీ ఆలస్యమైతే, ఆ కిస్తీ కట్టే రోజునే దాంతోపాటు కట్టించుకుంటారు. కట్టకపోతే తర్వాతి కిస్తీ తీసుకోరు. కాబట్టి 60 కిస్తీలూ జమైన ఖాతాలో ఆఖర్న కోయడానికి పాత లేటు ఫీజు మిగిలి ఉండదు.

ముందు కిస్తీలు లెక్కపెట్టండి. ఖాతా తెరిచిన రోజు కట్టిందే మొదటి కిస్తీ. అంటే 2021 ఏప్రిల్‌ది మొదటిది, 2026 మార్చిది అరవయ్యోది. 2026 ఏప్రిల్‌లో డబ్బు తీసుకోవడమే తప్ప కట్టేది ఉండదు. ఆ నెల కూడా కట్టించుకుని ఉంటే అదెందుకో అడగాలి. పాస్‌బుక్‌లో వరసలు లెక్కపెడితే తప్పు పడుతుంది, ఎందుకంటే రెండు నెలలవి కలిపి 4000 ఒకే వరసలో పడి ఉండొచ్చు. జమలన్నీ కూడి 2000తో భాగించండి, 60 రావాలి.

తర్వాత వడ్డీ. మీరు తెరిచిన నాటి రేటు 5.8 శాతం, అదే ఐదేళ్లూ నడుస్తుంది. 2023 అక్టోబరు నుంచి కొత్త ఖాతాలకు 6.7 శాతం వచ్చింది కదా అని దాంతో లెక్కేసి, 1,42,732 రావాల్సింది మోసపోయామని గొడవపడేవాళ్లు చాలామంది. ఆ రేటు మీ ఖాతాకు వర్తించదు. వడ్డీని మూడు నెలలకోసారి అసలులో కలుపుతారు. ఫోన్‌లోని ఎక్సెల్ షీటులో ఇది కొట్టి చూడండి:

```
=2000*((1+5.8/400)^20-1)/(1-(1+5.8/400)^(-1/3))
```

1,39,393 వస్తుంది. అందులో మీ అసలు 1,20,000, వడ్డీ 19,393. షీటు లేకపోయినా ఒక అడ్డలెక్క ఉంది. మొదటి కిస్తీకి 60 నెలల వడ్డీ, చివరిదానికి ఒక్క నెల వడ్డీ, అన్నీ కూడితే 1830 నెలలు. 2000కి 5.8 శాతం చొప్పున అన్ని నెలలకు బారువడ్డీ 17,690. మీకు వచ్చే వడ్డీ దీనికన్నా కొంచెం ఎక్కువే ఉండాలి, తక్కువుంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. లక్షా ఇరవై వేలకు ఐదేళ్ల వడ్డీ అని 34,800 ఆశించడం మాత్రం తప్పు. ఆ డబ్బంతా మొదటి రోజే వెయ్యలేదు కదా.

ఇప్పుడు మీ 260 సంగతి. తేడా ఎంతో చూస్తే కారణం చాలావరకు దొరుకుతుంది. ఒక కిస్తీ పడకపోయి ఉంటే రెండు వేలకు పైనే తగ్గేది. ఆర్డీ మీద లోను తీసుకుని తీర్చకపోతే అసలు బాకీ, దానిమీద వడ్డీ కలిపి తీసుకుంటారు. అది ఇలా 260 దగ్గర ఆగదు. ఫీజేమో వందకు నెలకు రూపాయి, మీ కిస్తీకి నెలకు 20. 260 అంటే సరిగ్గా పదమూడు ఆలస్యాలు. నా అంచనా ఏమిటంటే, ఏజెంటు అప్పట్లో ఆ ఫీజు తన జేబులోంచి కట్టి, ఇప్పుడు మీ దగ్గర రాబట్టుకుంటున్నారు.

అది న్యాయమా కాదా అన్నది తారీఖులు చెబుతాయి. మీరు నెల 15 లోపు తెరిచారు కాబట్టి ప్రతి కిస్తీ ఆ నెల 15 లోపు పోస్టాఫీసులో పడాలి. పాస్‌బుక్‌లో ఉండేది పోస్టాఫీసుకు డబ్బు చేరిన తారీఖు. మీరు ఏజెంటు చేతిలో పెట్టిన తారీఖు, వాళ్లు సంతకం చేసి ఇచ్చే కార్డులో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి, పాస్‌బుక్‌లో 15 దాటిన నెలలకు గీత పెట్టండి. కార్డులో 12 ఉండి పాస్‌బుక్‌లో 18 ఉంటే ఆ ఇరవై ఏజెంటు భరించాల్సిందే. కార్డులోనే 20 ఉంటే మీరివ్వాల్సిందే. చాలా ఇళ్లలో పాస్‌బుక్కూ కార్డూ రెండూ ఏజెంటు సంచీలోనే ఉంటాయి, ఇది నాకు అస్సలు నచ్చని పద్ధతి. డబ్బు ఇచ్చినవాళ్ల చేతిలో ఒక్క తారీఖైనా లేకపోతే ఇక ఏం చూపించి అడుగుతారు?

చివరిగా, ఖాతా మూసేటప్పుడు పాస్‌బుక్‌లో వేసే ఆఖరి ఎంట్రీ, మీ సేవింగ్స్ ఖాతాలో జమైన మొత్తం, రెండూ చూడండి. రెండింట్లోనూ 1,39,393 ఉంటే పోస్టాఫీసు ఏమీ కోయలేదు, మాట్లాడాల్సింది ఏజెంటుతోనే. ఎంట్రీలోనే 1,39,133 ఉంటే కౌంటర్లో నోటిమాటతో సరిపెట్టుకోకండి. ఆ 260 ఏ పద్దు కింద తగ్గిందో చెప్పమని పోస్ట్‌మాస్టర్‌కు కాగితం రాసి, పాస్‌బుక్ జిరాక్సు జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.