మొదటి ప్రాజెక్టుకి లైన్ ఫాలోవర్ చాలు, కానీ బ్యాటరీ గురించి చెప్పండి

ప్రశ్న: ఫస్ట్ ఇయర్ పిల్లలకి వెల్‌కమ్ టాక్ ఇవ్వమన్నారు. మొదటి రోబో లేదా మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు ఎలా ఎంచుకోవాలో, ఏ తప్పులు చేయకూడదో ఏం చెప్పాలి?

నన్నడిగితే నల్ల గీత వెంట నడిచే లైన్ ఫాలోవర్ చేయమనండి. ముఖాన్ని గుర్తుపట్టి అటెండెన్స్ వేసే ప్రాజెక్టు మొదటి ఏడాది వద్దు. అందులో తప్పు వస్తే ఎక్కడ వచ్చిందో పిల్లలకి కనిపించదు. లైన్ ఫాలోవర్‌లో తప్పు కళ్లముందే ఉంటుంది.

మా ల్యాబ్‌లో జూనియర్లు ఒకటి చేశారు. చేత్తో పైకెత్తి పట్టుకుంటే చక్రాలు చక్కగా తిరిగేవి. నేల మీద పెడితే ఒక్క కుదుపు, ఆగడం, మళ్లీ కుదుపు. కోడ్‌లో తప్పుందనుకుని రాత్రంతా మార్చారు. ల్యాప్‌టాప్ కేబుల్ పెడితే మాత్రం బాగానే నడిచేది, దాంతో ఇంకా అయోమయం.

కారణం చిన్న పెట్టెలాంటి 9 వోల్టుల బ్యాటరీ. ఆగి ఉన్న మోటార్ కదిలే క్షణంలో మామూలుగా కన్నా ఎన్నో రెట్లు కరెంట్ లాగుతుంది. నేల మీద బరువుంటుంది కాబట్టి ఆ లాగుడు ఎక్కువసేపు ఉంటుంది. ఆ బ్యాటరీ అంత ఇవ్వలేదు, వోల్టేజ్ పడిపోతుంది, రోబోని నడిపించే ఆర్డుయినో బోర్డు రీస్టార్ట్ అవుతుంది. కేబుల్ పెట్టినప్పుడు బోర్డుకి పవర్ యూఎస్‌బీ నుంచి కూడా అందుతుంది, అందుకే జబ్బు దాక్కుంటుంది. కనిపెట్టడానికి ఇది చాలు:

```cpp
void setup() {
  pinMode(13, OUTPUT);
  digitalWrite(13, HIGH);
  delay(1000);
  digitalWrite(13, LOW);
}
```

ఇందులోని నాలుగు లైన్లు మీ `setup()` మొదట్లో పెట్టి, కేబుల్ తీసేసి నడపండి. ఆన్ చేసినప్పుడు ఒకసారి వెలగాల్సిన బోర్డు మీది లైటు దారి మధ్యలో మళ్లీ ఒక సెకను వెలిగితే, బోర్డు రీస్టార్ట్ అయినట్టే. ఇక కోడ్‌లో వెతకక్కర్లేదు.

ఆ జట్టు రెండు 18650 లిథియం అయాన్ సెల్స్‌ని హోల్డర్‌లో సిరీస్‌లో పెట్టింది. లెక్కకి 7.4 వోల్టులే, 9 కన్నా తక్కువ. అయినా రోబో సాఫీగా కదిలింది, ఎందుకంటే ఆ సెల్స్ ఎక్కువ కరెంట్ ఇచ్చినా వోల్టేజ్ నిలబెట్టుకుంటాయి. మోటార్లకి కరెంట్ అందించే L298N డ్రైవర్ సుమారు 2 వోల్టులు తనే తినేసినా, పసుపు రంగు బీఓ మోటార్లకి మిగిలింది సరిపోయింది. ఒక జాగ్రత్త: ఈ సెల్స్ షార్ట్ అయితే ప్రమాదం. ప్రొటెక్షన్ ఉన్నవే కొనాలి, వాటికి తగిన చార్జర్‌తోనే చార్జ్ చేయాలి. బ్యాటరీ, డ్రైవర్, ఆర్డుయినో మూడింటి గ్రౌండ్ వైర్లు కలపడం మర్చిపోకూడదు.

నాకు కోపం వచ్చేది కిట్లు అమ్మేవాళ్ల మీద. మోటార్లతో పాటు అదే 9 వోల్టుల బ్యాటరీ క్లిప్ పెట్టి ఇస్తారు. పిల్లాడు తనకి కోడింగ్ రాదనుకుని రోబోటిక్స్ మానేస్తాడు. రెడీమేడ్ ప్రాజెక్టులు కొని రిపోర్ట్ బైండ్ చేయించే అలవాటు కూడా ఇలాంటి నిరాశ నుంచే మొదలవుతుందని నా గట్టి అభిప్రాయం.

మీ టాక్‌కి స్లైడ్లు తగ్గించండి. ఒకే రోబోని రెండు బ్యాటరీలతో టేబుల్ మీద నడిపి, లైటు ఎప్పుడు వెలుగుతుందో ముందు వరసలో వాళ్లనే చూసి చెప్పమనండి.