టీకా రోజు పారాసిటమాల్: జ్వరం రాకముందే వేయాలా, వచ్చాక వేయాలా?

ప్రశ్న: మా పాపకు పది వారాలు, బరువు 5 కిలోలు. ఆరో వారం టీకాలప్పుడు మా అత్తమ్మ చెప్పిందని ఇంటి నుంచి బయల్దేరే ముందే పారాసిటమాల్ చుక్కలు వేశాను. అలా వేస్తే టీకా పనిచేయదని ఇప్పుడు మా తమ్ముడు అంటున్నాడు. లండన్‌లో ఉండే మా వదినేమో అక్కడ టీకా అవగానే వేయమంటారని చెబుతోంది. ఆ టీకా వృథా అయినట్టేనా? ఈ శనివారం రెండో డోసు. ఏం చేయాలి? – ఒక తల్లి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: వృథా కాలేదమ్మా. ఆరో వారం వేయించిన డోసు లెక్కలోకి వస్తుంది, మళ్లీ వేయించాల్సిన పనిలేదు. ఈ శనివారం మాత్రం బయల్దేరే ముందు చుక్కలు వేయకండి. సీసా ఇంట్లో ఉండనివ్వండి, జ్వరం వస్తే అప్పుడు వాడదాం.

మీ తమ్ముడు చెప్పినదాంట్లో కొంత నిజముంది. 2009లో చెక్ రిపబ్లిక్ డాక్టర్లు 459 మంది పసిపిల్లల మీద చేసిన అధ్యయనం లాన్సెట్ పత్రికలో వచ్చింది. టీకా వేసిన తర్వాత సగం మంది పిల్లలకు జ్వరం ఉన్నా లేకున్నా 24 గంటల్లో మూడుసార్లు పారాసిటమాల్ ఇచ్చారు, మిగతా వారికి ఇవ్వలేదు. మొదటి విడత టీకాల తర్వాత మందు ఇవ్వని పిల్లల్లో నూటికి 66 మందికి జ్వరం వస్తే, ఇచ్చిన వారిలో 42 మందికి వచ్చింది. అంటే జ్వరం తగ్గిన మాట వాస్తవమే. కానీ రక్తపరీక్ష చేస్తే, మందు ఇచ్చిన పిల్లల్లో న్యుమోనియా తెచ్చే న్యుమోకోకస్, డిఫ్తీరియా, ధనుర్వాతం వంటి వాటిని ఎదుర్కొనే యాంటీబాడీలు తక్కువగా తయారయ్యాయి. టీకా వేసిన చోట మొదటి కొన్ని గంటల్లో పుట్టే వాపు, వేడి రోగనిరోధక కణాలను అక్కడికి పిలుస్తాయి. పారాసిటమాల్ ఆ పిలుపును కాస్త బలహీనం చేస్తుందని అనుకుంటున్నారు. అయినా ఆ పిల్లల్లో చాలామందికి యాంటీబాడీలు రక్షణకు సరిపడా స్థాయిలోనే ఉన్నాయి. మీ పాప విషయంలో నేను ధైర్యం చెప్పేది అందుకే. పైగా ఇంకా రెండు డోసులు, ఆ తర్వాత బూస్టర్లు ఉన్నాయి.

ఆ అధ్యయనంలో నాకు ముఖ్యంగా అనిపించిన విషయం ఇంకొకటి ఉంది. 103 డిగ్రీలు దాటే జ్వరం మందు ఇచ్చిన వారిలోనూ, ఇవ్వని వారిలోనూ చాలా అరుదు. అంటే మనం ముందే మందు వేసి ఆపుతున్నది ఎక్కువగా చిన్నపాటి జ్వరాన్నే. పారాసిటమాల్ ముందే వేస్తే ఫిట్స్ రావని కూడా చాలామంది నమ్ముతారు, దానికీ ఆధారం లేదు.

మీ వదిన గారు చెప్పిందీ అబద్ధం కాదు. బ్రిటన్‌లో పసిపిల్లలకు మెనింజైటిస్-బి టీకా కూడా వేస్తారు. దాన్ని మిగతా టీకాలతో కలిపి వేస్తే చాలామంది పిల్లలకు గట్టిగా జ్వరం వస్తుంది, పారాసిటమాల్ ఇచ్చినా ఆ టీకా పని తగ్గదని పరీక్షించి చూశారు. అందుకే ఆ టీకా వేసినప్పుడు అక్కడ ముందుజాగ్రత్తగా మూడు డోసులు ఇమ్మంటారు. మన ప్రభుత్వ టీకాల పట్టికలో ఆ టీకా లేదు కాబట్టి ఆ సలహా మీ పాపకు వర్తించదు.

ఇక శనివారం సంగతి. మన ఆరోగ్య కేంద్రాల్లో ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకాలో కోరింత దగ్గుకు సంబంధించిన భాగం జ్వరం కాస్త ఎక్కువగా తెప్పించే రకం. ఉదయం 11కి టీకా వేయించారనుకుందాం. జ్వరం సాధారణంగా సాయంత్రానికో రాత్రికో మొదలై మరుసటి రోజుకు తగ్గుముఖం పడుతుంది, రెండు రోజుల్లో పోతుంది. ఒళ్లు వెచ్చగా అనిపించగానే సీసా తీయకండి. మన ఇళ్లలో టీకా వేయించుకొచ్చిన బిడ్డకు వెంటనే టోపీ, స్వెట్టర్ వేసి దుప్పటి చుడతారు, దానికే ఒళ్లు వేడెక్కుతుంది. అవి తీసేసి పావుగంట ఆగి, డిజిటల్ థర్మామీటర్ చంకలో పెట్టి చూడండి. 100.4 దాటి, పాప చిరాకుగా ఉంటే మందు వేయండి. జ్వరం తక్కువే ఉన్నా తొడ నొప్పికి కాలు కదిపితే ఏడుస్తోందంటే అప్పుడూ వేయవచ్చు. పాలు తాగుతూ హాయిగా ఉంటే వేయకపోయినా ఫర్వాలేదు.

ఎంత వేయాలన్నది బరువును బట్టి ఉంటుంది. ఒక్కో డోసుకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 5 కిలోల మీ పాపకు 60 మిల్లీగ్రాములు సరిపోతాయి. చుక్కల మందు సీసా మీద 1 మి.లీ.కి 100 మి.గ్రా. అని రాసి ఉంటే 0.6 మి.లీ. వేయండి. సాయంత్రం 5కి వేస్తే మళ్లీ రాత్రి 11 లోపు వద్దు. 11కి పాప నిద్రపోతుంటే మందు కోసం లేపకండి. రోజుకు నాలుగు డోసులు దాటకూడదు. నెలలు నిండకుండా పుట్టినా, బరువు 4 కిలోల లోపు ఉన్నా డాక్టర్‌ను అడిగాకే వేయాలి.

నాకు అసలు టెన్షన్ పెట్టేది చుక్కల మందుకూ సిరప్‌కూ మధ్య జరిగే పొరపాటు. పిల్లల సిరప్‌లో చాలావరకు 5 మి.లీ.కి 120 లేదా 125 మి.గ్రా. ఉంటుంది. చుక్కల మందు దానికి నాలుగు రెట్లు చిక్కన. ఒకసారి నా దగ్గరికి వచ్చిన తండ్రి, నేను సిరప్‌కు రాసిన రెండున్నర మి.లీ.ని చుక్కల మందులోంచి తీసి రెండుసార్లు పట్టించాడు. ఒక్కోసారికి 250 మి.గ్రా., అదీ 5 కిలోల బాబుకు! కాలేయం పరీక్షలు చేసి, ఆసుపత్రిలో ఉంచి గమనించాం. బాబుకు ఏమీ కాలేదు. ఆ తండ్రి ముఖం మాత్రం నేను మర్చిపోలేను. మెడికల్ షాపులో మందు మారితే లేబుల్ మీద మిల్లీగ్రాములు చదవండి, ఆ సీసాతో వచ్చిన డ్రాపర్‌తోనే కొలవండి.

ముందే మందు వేయొద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. రెండు నెలల బిడ్డకు వచ్చిన ప్రతి జ్వరం టీకా వల్లేనని అనుకోలేం. అదే సమయంలో ఇన్ఫెక్షన్ మొదలైతే, గడియారం చూసి మందు వేస్తూపోతే అది కనపడకుండా దాగిపోతుంది. జ్వరం 48 గంటలు దాటినా, పాప పాలు పట్టకపోయినా, మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చినా, ఒళ్లు వేలాడేసి పాలిపోయినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. అర్ధరాత్రయినా దగ్గర్లోని పిల్లల డాక్టర్ ఉన్న ఆసుపత్రికో, నిలోఫర్‌కో తీసుకెళ్లండి. అలాంటిది జరిగితే పద్నాలుగో వారం టీకా వేయించే ముందు నర్సమ్మకు తప్పకుండా చెప్పండి.

తొమ్మిదో నెలలో వేసే తట్టు, రుబెల్లా టీకా లెక్క వేరు. దాని వల్ల జ్వరం వస్తే టీకా వేసిన రోజున కాదు, దాదాపు వారం తర్వాత వస్తుంది. అప్పుడు కూడా బయల్దేరే ముందు చుక్కలు వేసి ప్రయోజనం లేదని మీ అత్తమ్మ గారికి చెప్పండి.