కామా తర్వాత మూడు సున్నాలు: జర్మనీ నైట్ షిఫ్ట్‌కు వెళ్లే తమ్ముళ్లకు

తిరుపతిలో పాలిటెక్నిక్ చదివి, గాజులమండ్యంలో కొన్నాళ్లు సీఎన్‌సీ లేత్ నడిపి, ఇప్పుడు జర్మనీ ఆఫర్ లెటర్ అందుకున్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మెషిన్ నాకు కొత్త కాదు. ఇక్కడా ఫానుక్ కంట్రోలే, అక్కడా అదే. జర్మన్ కొంచెం వచ్చు. నైట్ షిఫ్ట్‌లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఎక్కడ దెబ్బ తినే అవకాశం ఉంది? ఏదైనా పాడైతే జీతంలో కోస్తారా?"

దీనికి నా దగ్గర ఉన్న జవాబు మా అక్క కొడుకు కథ. మొన్న సంక్రాంతికి వాడు చిత్తూరు వచ్చినప్పుడు, వెళ్లబోయే కుర్రాళ్లను కొందరిని మా అక్కావాళ్ల వసారాలో కూర్చోబెట్టి వాడిచేతే చెప్పించాను. కంపెనీ కాగితాలు బయటికి తేకూడదు కాబట్టి, పాత క్యాలెండర్ షీటు వెనక ఆ రాత్రి తనకిచ్చిన వర్క్ ఆర్డర్‌ను పెన్నుతో గీసి చూపించాడు. పైన పార్ట్ పేరు, దాని కింద మెటీరియల్ 16MnCr5, ఆ కింద రెండు అంకెలు, మొదటిది వ్యాసం, రెండోది పీసుల సంఖ్య:

```
Ø 25,15
Menge: 3,000 ST
```

ఒక పక్కన ఎవరో చేత్తో రాసిన గజిబిజి లైను.

"ఇది ఎన్ని పీసుల ఆర్డరో చెప్పండ్రా" అన్నాడు. అందరూ ఒక్కసారే "మూడు వేలు" అన్నారు. "నేనూ అదే అనుకున్నా. మూడే! జర్మనీలో కాగితం మీద దశాంశానికి కామా, వేలకు చుక్క."

వాడు చేసే షాపులో గేర్‌బాక్స్ షాఫ్ట్‌లు తిప్పుతారు. లేత్ మీద తిప్పిన షాఫ్ట్‌ను కేస్ హార్డెనింగ్‌కు పంపి, వచ్చాక బేరింగ్ కూర్చునే చోటు గ్రైండింగ్ చేస్తారు. చివరి సైజు 25 మిల్లీమీటర్లు. గ్రైండింగ్‌కు మెటల్ మిగలాలి గనుక మామూలుగా లేత్ మీద 25.30 దగ్గర ఆపుతారు. అంత మెటల్ గ్రైండ్ చేయడానికి టైమ్ ఎక్కువ పడుతోందని, సగానికి తగ్గిస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నారు. మూడంటే మూడు పీసులు 25.15కు తిప్పి, హార్డెనింగ్‌లో ఎంత వంగుతాయో కొలిచి, అప్పుడు మిగతావాటి సంగతి చూడాలన్నది ప్లాను. చేత్తో రాసిన లైనులో ఉన్నదీ అదే: ట్రయల్, అనుమతి వచ్చేదాకా ఆగాలి. ఆ చేతిరాత మా వాడికి అర్థం కాలేదు. అప్పటిదాకా పగటి షిఫ్ట్‌లో సీనియర్ పక్కనే ఉండేవాడు, ఆర్డర్ కాగితం ఆయనే చూసుకునేవాడు. ఒంటరిగా మొదలుపెట్టిన వారంలోనే ఇది జరిగింది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడండి. అదే కాగితం మీద 25,15ను వాడు తప్పు చదవలేదు. కంట్రోల్‌లో X25.15 అని సరిగ్గానే కొట్టాడు. కామా తర్వాత రెండే అంకెలున్నాయి కాబట్టి అది వేలు కాదని కంటికే తెలిసిపోయింది. ఆ కిందనే ఉన్న 3,000లో కామా తర్వాత మూడు అంకెలు వచ్చేసరికి, చిన్నప్పటి నుంచి మనం రాసే మూడు వేలు అచ్చం అలాగే ఉంటుంది గనుక, బుర్ర రెండోసారి ఆలోచించలేదు. పైగా మెషిన్ స్క్రీన్ మీద ఎప్పుడూ చుక్కే. జర్మనీలో కూడా ప్రోగ్రామ్‌లో దశాంశానికి చుక్కే కొడతారు, కామా కాగితం మీద మాత్రమే. రోజంతా స్క్రీన్‌లో చుక్కను దశాంశంగా చూసే కంటికి, కాగితం మీద కామా కనబడితే అది వేలదే అనిపించడం చాలా సహజం.

"మూడు పీసులైతే 3 అని రాయొచ్చు కదన్నా, ఆ మూడు సున్నాలెందుకు?" అని ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో పీసులు, కిలోలు, లీటర్లు అన్నీ ఒకే గడిలో పడతాయి. కిలోలకు గ్రాముల దాకా స్థానాలు కావాలి కాబట్టి ఆ గడి అన్నిటికీ మూడు దశాంశ స్థానాలు అచ్చేస్తుంది. మన బంగారు కొట్లో బిల్లు మీద ఉంగరం బరువు 8.000 గ్రాములని ఉంటే ఎనిమిది వేలని ఎవరం అనుకోం కదా, ఇదీ అంతే, చుక్క ఉండాల్సిన చోట కామా ఉంది. నిజంగా మూడు వేల పీసులే కావాలంటే ఆ కాగితం మీద ఇలా పడుతుంది:

```
3.000,000 ST
```

చుక్కా, కామా రెండూ కనిపిస్తే గొడవే లేదు, చివర ఉన్నదే దశాంశం. ఒక్క గుర్తే ఉండి, దాని తర్వాత సరిగ్గా మూడు అంకెలుంటే మాత్రం చెయ్యి ఆగాలి. చుక్క ఒక్కటే ఉన్నప్పుడూ ఇదే ప్రమాదం, కాకపోతే తిరగబడుతుంది: అక్కడ స్పిండిల్ స్పీడు 1.200 అని రాసి ఉంటే అది పన్నెండు వందలు.

మళ్లీ ఆ రాత్రికి వద్దాం. షిఫ్ట్ పదింటికి మొదలు. సెట్టింగ్, మొదటి పీసు కొలత అయ్యేసరికి పదకొండున్నర దాటింది. మైక్రోమీటర్‌లో 25.15 వచ్చింది, కొలత బాగుంది. కంట్రోల్‌లో PARTS REQUIRED అనే చోట 3000 కొట్టాడు. అక్కడ 3 కొట్టి ఉంటే మూడో పీసు తర్వాత సిగ్నల్ వచ్చేది. పక్కన ప్యాలెట్ మీద ముడి పీసులు నాలుగు వందల దాకా ఉన్నాయి. మూడు వేలకు అవి చాలవని తెలుసు, కానీ మిగతావి పొద్దున తెస్తారులే అనుకున్నాడు. సైకిల్ టైమ్ రెండుంబావు నిమిషాలు. పీసు తీయడం, పెట్టడం, ఊదడం, పదింటికొకటి కొలవడం. ప్రతి పీసూ కాగితం మీదున్న సైజుకే వస్తోంది గనుక అనుమానం వచ్చే సందే లేకపోయింది. మామూలుగా కొలత తప్పితే మెషిన్‌మ్యాన్‌కు తెలుస్తుంది. ఇక్కడ కొలత తప్పలేదు, లెక్క తప్పింది.

తెల్లవారి ఉదయం షిఫ్ట్ లీడర్ వచ్చేసరికి ట్రేలలో నూట యాభైకి పైగా షాఫ్ట్‌లు వరుసగా ఉన్నాయి. ఆయన కాగితం చూశాడు, ట్రేలు చూశాడు. అరవలేదట. ఎర్ర కార్డులు తెచ్చి ఒక్కో ట్రేకు తగిలించాడు. ఎర్ర కార్డు పడితే ఆ సరుకును ఎవరూ కదపకూడదు.

"అప్పుడే స్క్రాప్ అనలేదు మామా, అదే పెద్ద టెన్షన్" అన్నాడు మా వాడు. మూడు పీసులు హార్డెనింగ్‌కు వెళ్లాయి. అవి బాగా వస్తే మిగతావన్నీ పనికొచ్చినట్టే. తిరిగొచ్చాక సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజ్ ఆనించి తిప్పారు. రెండు పీసులు ఫరవాలేదు. మూడోదానికి ముల్లు మొత్తం 0.20 కదిలింది. అంటే ఆ చోట మధ్యరేఖ నుంచి 0.10 పక్కకు జరిగింది. 25.15 నుంచి 25కు రావాలంటే ఒక్కో వైపు తీసేందుకు ఉన్న మెటల్ 0.075 మాత్రమే. కాబట్టి ఒక పక్క రాయి లోతుగా కోస్తుంది, ఎదుటి పక్క అసలు ఆనదు, హార్డెనింగ్ నలుపు అలాగే మిగిలిపోతుంది. పాత పద్ధతిలో 25.30 ఉండి ఉంటే ఒక్కో వైపు 0.15 దొరికేది, ఆ వంకర దర్జాగా పోయేది. ఏ పీసు ఎంత వంగుతుందో హార్డెనింగ్‌కు ముందు చెప్పలేరు. అన్నిటినీ హార్డెనింగ్ చేయించి ఏరుకుంటే దాని ఖర్చు ఇంకో బ్యాచ్ ఖర్చంత అవుతుంది. తీసేసిన మెటల్‌ను తిరిగి అతికించలేం. మొత్తం స్క్రాప్ బిన్‌కే.

ట్రయల్ చేసింది ఇలాంటిది ముందే తెలుసుకోవడానికి. మూడు పీసులతో తెలియాల్సింది నూట యాభై పీసులతో తెలిసింది.

ఆ రాత్రి దీన్ని పట్టుకోవడానికి జర్మన్ కూడా అక్కర్లేదు, గుణకారం చాలు. మూడు వేల పీసులను రెండుంబావు నిమిషాలతో గుణిస్తే 6,750 నిమిషాలు, అంటే నూట పన్నెండున్నర గంటలు. అరగంట విరామం తీసేస్తే షిఫ్ట్‌లో పని ఏడున్నర గంటలే, కాబట్టి అది పదిహేను షిఫ్ట్‌ల పని. ఒక రాత్రికని చేతికిచ్చిన కాగితం మీద పదిహేను రాత్రుల పని ఉందంటే, ప్యాలెట్ మీద ఉన్నవీ నాలుగు వందలేనంటే, ఆ అంకెను నమ్మకూడదు. కొత్త ఆర్డర్ చేతికొచ్చిన ప్రతిసారీ సైకిల్ స్టార్ట్ నొక్కే ముందు ఈ లెక్క కాగితం మూలన వేసుకోండి. లెక్క పొసగకపోతే, లేదా చదవలేని చేతిరాత ఒక్క లైనున్నా, షిఫ్ట్ లీడర్‌కు ఫోన్ కొట్టండి. రాత్రి షిఫ్ట్‌లో కూడా ఎవరో ఒకరి నంబరు బోర్డు మీద ఉంటుంది. అడిగేటప్పుడు "ఇది సరేనా" అని కాకుండా అంకెను నోటితో చెప్పండి: "ద్రై ష్టూక్?" మూడు పీసులేనా అని. కాగితం మీద కామాను చూసి పొరబడొచ్చు గానీ, నోటితో చెప్పిన మూడును ఎవరూ మూడు వేలుగా వినరు.

ఇక జీతం సంగతి. మా అక్క అయితే ఆ వారం నిద్రపోలేదు, కొడుకును పంపించేస్తారని. జర్మనీలో దీనికి లేబర్ కోర్టులు ఏర్పరిచిన పద్ధతి ఉంది. పనిలో జరిగిన చిన్న పొరపాటుకు ఉద్యోగి ఏమీ కట్టనక్కర్లేదు. మధ్యస్థంగా అజాగ్రత్త ఉంటే నష్టాన్ని ఇద్దరికీ పంచుతారు, అందులో మీ జీతమెంత, పని ఎంత ప్రమాదకరమైంది, మీకు సరైన సూచనలు ఇచ్చారా అన్నవన్నీ చూస్తారు. ఘోరమైన నిర్లక్ష్యమైతే చాలావరకు, కావాలని చేస్తే మొత్తం మీదే పడుతుంది. మీ తప్పని నిరూపించాల్సింది కంపెనీయే. కాబట్టి కంగారులో "ఇంత బాకీ ఉన్నాను" అనే కాగితం ఏదైనా ముందుకు తోస్తే అక్కడికక్కడ సంతకం పెట్టకండి. కంపెనీలో ఉద్యోగుల కౌన్సిల్ ఉంటే, బెట్రీబ్స్‌రాట్ అంటారు, ముందు వాళ్లకు చూపించండి.

మా వాడి దగ్గర ఏమీ కోయలేదు. వాడు ఏ పీసునూ దాచలేదు, స్క్రీన్ మీద కౌంటర్‌ను సున్నా చేయలేదు, అడిగిన ప్రతిదానికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ట్రయల్ ఆర్డర్‌ను కొత్తవాడికి నోటితో చెప్పకుండా కాగితం ఒక్కటే వదిలి వెళ్లడం తమ లోపమేనని వాళ్లూ ఒప్పుకున్నారు. ఇప్పుడు అక్కడ ట్రయల్ ఆర్డర్లు వేరే రంగు కాగితం మీద వస్తున్నాయి, పీసుల సంఖ్యను అక్షరాల్లో కూడా రాస్తున్నారు. మీరు చేరే కంపెనీలో అలా ఉండకపోవచ్చు. మొదటి వారంలోనే పాత ఆర్డర్ కాగితాలు నాలుగైదు అడిగి తీసుకుని, ఎన్ని పీసులు తయారయ్యాయో తెలిసిన వాటితో అంకెలు పోల్చి చూసుకోండి. ఆ షాపులో వేలను ఎలా అచ్చేస్తారో, విడి పీసులను ఎలా అచ్చేస్తారో ఒక్క పూటలో తెలిసిపోతుంది.