పుస్తకంలో లాభం, గల్లాలో సున్నా

డబ్బు వచ్చినప్పుడు లెక్క రాయాలా, బిల్లు చేసినప్పుడా? ఏది నమ్మాలి?

లాభం తెలియాలంటే బిల్లు నాటి లెక్క (అక్రూవల్), రేపటి చెల్లింపులకు డబ్బుందో లేదో తెలియాలంటే నగదు లెక్క చూడాలి, ఎందుకంటే అరువు వ్యాపారంలో అమ్మకానికీ వసూలుకీ నెలల దూరం ఉంటుంది.

పర్లాకిమిడిలో ఒక ఎరువుల కొట్టు అనుకోండి. జులైలో 3 లక్షల సరుకు రొక్కం పెట్టి కొని, అదే నెలలో మొత్తం 3.6 లక్షలకు రైతులకి అరువిచ్చారు, వాళ్లు కట్టేది వరి అమ్మాక జనవరిలో. నగదు లెక్కలో జులై 3 లక్షల నష్టం, జనవరి 3.6 లక్షల లాభం. రెండూ అబద్ధమే, జనవరిది మరీ ప్రమాదం, ఆ ఊపులో బండి కొనేస్తారు. బిల్లు లెక్కలో జులైలోనే 60 వేల లాభం, కానీ గల్లా ఖాళీ. పైగా 80 వేలు మొండిబాకీ అయితే అసలు మిగిలింది 20 వేల నష్టం, ఆ బాకీని రద్దు రాసేదాకా పుస్తకం లాభమనే చూపిస్తుంది.

నగదు లెక్క రాస్తే జీఎస్టీ కూడా వసూలయ్యాకే అని చాలామంది అనుకుంటారు. కాదు, సరుకు అమ్మితే బిల్లు తేదీతోనే పన్ను లెక్కలోకి వస్తుంది, రైతు ఇంకా పైసా ఇవ్వకపోయినా.